కరెంటు పోయి ఇంటర్వ్యూకు ఆలస్యమైతే క్షమాపణ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది నరసన్నపేట. ఈ రోజు ఉదయం 11 గంటలకు హైదరాబాద్‌లోని ఒక సంస్థలో అకౌంట్స్ ఉద్యోగానికి 45 నిమిషాల వీడియో ఇంటర్వ్యూ ఉంది. 10:55కి కరెంటు పోయింది, దానితో వైఫై కూడా పోయింది. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెడితే లాప్‌టాప్‌కు కనిపించలేదు. చివరకు ఫోన్‌లోనే చేరేసరికి 11:17 అయింది. "సారీ సర్, నెట్ ప్రాబ్లం" అన్నాను. మధ్యలో కూడా రెండు మూడు సార్లు సారీ చెప్పాను. 11:37కే ముగించేశారు. కోపం వచ్చిందేమో అనిపిస్తోంది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను" అని ఒక మెయిల్ రాసి ఉంచాను. రుజువుగా మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఫొటో కూడా తీశాను. పంపవచ్చా?

సమాధానం:

మెయిల్ పంపండి, అదీ ఈ రోజు సాయంత్రం వాళ్ల ఆఫీసు ముగిసేలోగా పంపండి. అయితే మీరు రాసి ఉంచిన వాక్యమూ వద్దు, ట్రాన్స్‌ఫార్మర్ ఫొటో అసలే వద్దు. నేను పదహారేళ్లుగా నియామకాల పనిలో ఉన్నాను. 2020 నుంచి విజయనగరంలోని మా ఇంట్లో కూర్చునే ఇంటర్వ్యూలు చేస్తున్నాను కాబట్టి కరెంటు సంగతీ, ఇంటర్వ్యూ చేసేవారి సంగతీ రెండూ కొంత తెలుసు.

ముందుగా కోపం గురించిన అనుమానాన్ని లెక్క వేసి చూద్దాం. మీకు ఇచ్చిన సమయం 11:00 నుంచి 11:45 వరకు. మీరు 11:17కు చేరారు కాబట్టి మిగిలింది 28 నిమిషాలు, అందులో వాళ్లు 20 నిమిషాలు మీతో మాట్లాడారు. మిగతా ఎనిమిది నిమిషాలలో ఇంటర్వ్యూ చేసినవారు అభ్యర్థి గురించి తమ అభిప్రాయాన్ని ఫారంలో నింపాలి, మంచినీళ్లు తాగాలి, 11:45కో 12 గంటలకో ఉన్న తరువాతి అభ్యర్థి వివరాలు తెరవాలి. మీరు సరిగ్గా 11కు చేరి ఉన్నా 11:38 ప్రాంతంలో ముగించేవారేమో. నిజంగా విసుగు పుట్టినవారు పది నిమిషాలలో "సరే, మేము మళ్లీ తెలియజేస్తాం" అని లేచిపోతారు. మీ విషయంలో అలా జరగలేదు కనుక మెయిల్‌ను భయంతో రాయవలసిన పని లేదు. భయంతో రాసిన మెయిల్ ఎంత పొడవు పెరుగుతుందో నాకు అనుభవం ఉంది.

ఇప్పుడు అటువైపు కుర్చీలో కూర్చున్నవారికి ఏమి కనిపించిందో ఊహించండి. 11 గంటలకు ఆయన తెర మీద ఆయన ముఖం ఒక్కటే ఉంది. 11:05 వరకు ఎవరైనా మామూలుగానే వేచి ఉంటారు. ఆ తరువాత హెచ్‌ఆర్ వారికి "అభ్యర్థి రాలేదు, ఏమైనా తెలుసా?" అని సందేశం పెడతారు. వాళ్ల దగ్గర కూడా కబురు లేకపోతే పదిహేనో నిమిషం దాటాక చాలామంది "హాజరు కాలేదు" అని నమోదు చేసి వెళ్లిపోతారు. మీరు సరిగ్గా ఆ అంచున చేరారు. ఆ సేపంతా మీరు నరసన్నపేటలో చెమటలు కక్కుతూ హాట్‌స్పాట్‌తో కుస్తీ పడుతున్నారని ఆయనకు ఎలా తెలుస్తుంది? ఆయనకు తెలిసింది ఖాళీ తెర మాత్రమే.

ఇది నాకు పుస్తకంలో దొరికిన జ్ఞానం కాదు. ఒకసారి మా వీధిలో రోడ్డు తవ్వుతూ ఇంటర్నెట్ తీగ తెంపేశారు. నేను ఇంటర్వ్యూ చేయవలసిన అమ్మాయి అవతల వేచి ఉంది. ఇదిగో అయిపోతుంది, ఇదిగో అయిపోతుంది అనుకుంటూ వైఫై పెట్టెను ఆపి వెలిగించడంలోనే నేను ఇరవై నిమిషాలు గడిపాను. చేరేసరికి ఆమె వెళ్లిపోయింది. తరువాత ఫోన్ చేసి మాట్లాడితే ఆమె చాలా మర్యాదగా, "తీగ తెగడం మీ తప్పు కాదు సార్, కానీ నా నంబరు మీ దగ్గర ఉంది కదా" అంది. నేను కారణం చెప్పడానికి సిద్ధపడి ఫోన్ చేశాను, ఆమె అడిగినది కారణం గురించి కాదు. అప్పటి నుంచి ఆలస్యమైన అభ్యర్థి క్షమాపణ చెప్పినప్పుడు నేను కూడా ఆ ఒక్క విషయమే వెతుకుతాను.

కాబట్టి మీరు దేనికి క్షమాపణ చెప్పాలో ముందు తేల్చుకోండి. కరెంటు పోవడానికి మీరు బాధ్యులు కారు, దానికి క్షమాపణ చెబితే ఎదుటివారు "అయ్యో, ఫరవాలేదు" అంటారు, అంతటితో సరి. 10:55 నుంచి 11:17 వరకు ఇరవై రెండు నిమిషాలు మీ చేతిలో ఫోన్ పనిచేస్తూనే ఉంది. హెచ్‌ఆర్ వారికి ఒక్క కాల్ గాని, ఒక్క ఎస్సెమ్మెస్ గాని వెళ్లలేదు. మీ చేతిలో ఉండి మీరు చేయనిది అదొక్కటే, క్షమాపణ దానికి చెందాలి. ఇలా రాస్తే నా తప్పును నేనే చూపించినట్టు కాదా అని మీకు అనిపించవచ్చు. ఆ తప్పు వాళ్లు ఉదయమే చూశారు. మీకు కూడా అది కనిపించిందని మెయిల్ చెబుతుంది. అకౌంట్స్ ఉద్యోగంలో తేడా వస్తే తానుగా చెప్పే మనిషి కావాలి కనుక, మీ విషయంలో ఈ వాక్యానికి విలువ మరికొంచెం ఎక్కువ.

ఇక మీరు రాసుకున్న వాక్యం సంగతి. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనే మాటను మనం ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, విజయనగరం స్టేషన్‌లో ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. అది విన్నప్పుడు ఎవరో మనకు క్షమాపణ చెప్పారని ఎప్పుడైనా అనిపించిందా? అందులో ఎవరు ఏమి చేశారో లేదు, ఎంత ఆలస్యమో లేదు, అసౌకర్యం దానంతట అది వచ్చి మనకు "కలిగింది". తెలుగులో ఈ సౌలభ్యం చాలా ఎక్కువ. "ఆలస్యం జరిగింది", "సమాచారం ఇవ్వడం కుదరలేదు", "సమస్య తలెత్తింది" అని కర్త లేకుండా ఎంత సేపైనా రాసుకుంటూ పోవచ్చు, వ్యాకరణం అడ్డు చెప్పదు. అందుకే మెయిల్ రాసిన తరువాత ఒకసారి క్రియలు మాత్రమే చూసుకోండి. "నేను 17 నిమిషాలు ఆలస్యంగా చేరాను", "నేను మీకు తెలియజేయలేదు" అనే రెండు చోట్ల కర్త మీరే ఉండాలి. కరెంటు విషయంలో మాత్రం "కరెంటు పోయింది" అనడమే నిజం, అక్కడ మీరు దూరవలసిన అవసరం లేదు.

దీనికి ఎదురు చివర మరొక గొయ్యి ఉంది. మనమందరం బడిలో సెలవు చీటీలు రాసి పెరిగినవాళ్లం కనుక, "తమరు దయతో నన్ను మన్నించి, నా యందు కనికరముంచి" అనే ధోరణి కలంలోకి దానంతట అది వచ్చేస్తుంది. అలా రాస్తే చదివేవారికి ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే మిమ్మల్ని ఓదార్చే పని వాళ్ల మీద పడుతుంది. మీరు ఇంటర్వ్యూ మధ్యలో రెండు మూడు సార్లు సారీ చెప్పడం కూడా ఇటువంటిదే. మొదటి సారీ మర్యాద. మిగతావి, ముందుకు సాగిపోయిన సంభాషణను మళ్లీ 11:17కు లాగుతాయి. చేరిన వెంటనే "సర్, నేను 17 నిమిషాలు ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. కరెంటు పోయింది, మీకు ముందే ఫోన్ చేయవలసింది, చేయలేదు. మీకు ఇప్పుడు సమయం ఉందా, లేక మీకు వీలైన మరొక సమయంలో చేరమంటారా?" అని ఒక్కసారి అని, జవాబు విని, ఇక ఆ మాట ఎత్తకుండా ఉంటే సరిపోయేది. ఆ చివరి ప్రశ్నతో సమయం మీద అధికారం తిరిగి ఆయన చేతికి వెళుతుంది. అది జరిగిపోయింది కనుక మెయిల్‌లో మాత్రం ఒక్కసారే చెప్పండి.

ఎవరికి పంపాలనేది కూడా చూసుకోవాలి. ఇంటర్వ్యూ లింకు వచ్చిన క్యాలెండర్ ఆహ్వానం చాలాసార్లు సమాధానాలు చదవని చిరునామా నుంచి వస్తుంది, దానికి జవాబిస్తే ఎవరూ చూడరు. మీతో తేదీ ఖరారు చేసిన హెచ్‌ఆర్ వారి మెయిల్ ఏదైతే ఉందో, అదే వరుసలో జవాబుగా రాయండి, అప్పుడు ఏ అభ్యర్థి, ఏ ఉద్యోగం అని వాళ్లు వెతకనక్కర లేదు. ఇంటర్వ్యూ చేసినవారి చిరునామా ఆ వరుసలో ఉంటే ఆయన పేరుతో మొదలుపెట్టండి. లేకపోతే హెచ్‌ఆర్ వారికి రాసి, ఆయనకు అందజేయమని అడగండి. ఆయన చిరునామా ఊహించి పంపడమో, వేరే చోట ఖాతా వెతికి అక్కడ సందేశం పెట్టడమో చేయకండి. ఇది ప్రైవేటు సంస్థ కాబట్టి ఇంతవరకు చెబుతున్నాను. ప్రభుత్వ నియామకమో, బ్యాంకు నియామకమో అయి ఉంటే బోర్డు సభ్యులకు విడిగా రాయడమే పొరపాటుగా భావిస్తారు, పిలుపు లేఖలో ఇచ్చిన చిరునామాకు మాత్రమే రాయాలి.

మెయిల్ ఇలా ఉండవచ్చు. మీ ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంగ్లీషులో జరిగి ఉంటే ఇంగ్లీషులోనే రాయండి గాని, వాక్యాల వరుసను మార్చకండి.

"విషయం: ఈ రోజు 11 గంటల ఇంటర్వ్యూకు ఆలస్యంగా చేరినందుకు క్షమాపణ

____ గారికి నమస్కారం.

ఈ రోజు ఉదయం 11 గంటల ఇంటర్వ్యూకు నేను 17 నిమిషాలు ఆలస్యంగా చేరాను, క్షమించండి. 10:55కు మా ఇంట్లో కరెంటు పోయి ఇంటర్నెట్ ఆగిపోయింది, ఫోన్ ద్వారా చేరడానికి అంత సేపు పట్టింది. ఆ సమయంలో ఫోన్ పనిచేస్తూనే ఉన్నా నేను మీకు గాని, హెచ్‌ఆర్ వారికి గాని తెలియజేయలేదు. అది నా పొరపాటు.

ఉన్న సమయంలోనే నాతో వివరంగా మాట్లాడినందుకు కృతజ్ఞతలు. బ్యాంకు నిల్వకూ మన పుస్తకంలోని నిల్వకూ తేడా ఎలా తేలుస్తారని మీరు అడిగినప్పుడు నేను సగమే చెప్పాను. మనం ఇచ్చిన చెక్కులలో ఇంకా బ్యాంకుకు చేరనివి, మనం జమ చేసినా బ్యాంకులో ఇంకా వసూలు కానివి ముందు విడదీస్తాను. తరువాత బ్యాంకు తీసుకున్న ఛార్జీలు, నేరుగా ఖాతాలో పడిన మొత్తాలు మన పుస్తకంలో ఎక్కాయో లేదో చూసి, ఎక్కనివాటికి ఎంట్రీ వేస్తాను.

మరేదైనా వివరం కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయవచ్చు."

కింద మీ పేరు, ఫోన్ నంబరు, అంతే. రెండో పేరాలోని ప్రశ్న నేను ఉదాహరణకు పెట్టింది. మీ విషయంలో నిజంగా తెగిపోయిన సమాధానం ఏదైనా ఉంటేనే అలాంటి పేరా రాయండి, లేకపోతే కృతజ్ఞతతో ఆపేయండి. ఉన్నప్పుడు మాత్రం "కావాలంటే పంపగలను" అని అడగకుండా, మూడు వాక్యాలలో సమాధానమే ఇచ్చేయడం మేలు. అడిగితే ఆయన దానికి మళ్లీ జవాబు రాయాలి. కొన్ని సంస్థలలో ఇంటర్వ్యూ తరువాత పంపిన సమాధానాన్ని లెక్కలోకి తీసుకోరు, అయినా మూడు వాక్యాల వల్ల నష్టం లేదు. ఒక పేజీ రాస్తే మాత్రం గూగుల్‌లో వెతికి రాశారనుకుంటారు.

మీరు గమనించే ఉంటారు, ఆ మెయిల్‌లో హాట్‌స్పాట్ లాప్‌టాప్‌కు కనిపించని కథ లేదు. "సాంకేతిక లోపం" అనే మాట కూడా లేదు. ఆ మాట విన్న ప్రతిసారీ ఇంటర్వ్యూ చేసేవారికి సగం అనుమానం వస్తుంది, ఎందుకంటే నిద్ర లేవనివారు కూడా అదే అంటారు. "10:55కు కరెంటు పోయింది" అన్నప్పుడు ఒక సమయం, ఒక సంఘటన ఉన్నాయి, అవి చాలు. ఇదే కారణంగా ఫొటో వద్దంటున్నాను. ఒక అభ్యర్థి నాకు ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్‌వి, వెలగని బల్బువి, నిలిచిపోయిన ఫ్యాన్‌వి నాలుగు ఫొటోలు పంపాడు. నిలిచిపోయిన ఫ్యాన్ ఫొటోకు, స్విచ్ వేయని ఫ్యాన్ ఫొటోకు తేడా ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. అప్పటిదాకా నేను అతన్ని అనుమానించలేదు, ఆ ఫొటోలు చూశాకే ఎందుకింత ప్రయాస అనిపించింది. వాళ్లుగా అడిగితే, జిల్లా పేజీలో విద్యుత్ సరఫరా నిలిపివేత గురించి ప్రకటన వచ్చి ఉంటే అది చూపవచ్చు. అడగకముందు ఏమీ వద్దు.

నిమిషాలను మాత్రం తగ్గించకండి. "కొద్దిగా ఆలస్యం", "అయిదారు నిమిషాలు" అని రాయాలనిపిస్తుంది. చాలా వీడియో సేవల్లో ఎవరు ఎన్ని గంటలకు చేరారో సమావేశం పెట్టినవారు తరువాత కూడా చూసుకోగలరు. అది చూడకపోయినా, ఖాళీ తెర ముందు కూర్చున్నవారికి ఆ నిమిషాలు మీకంటే బాగా గుర్తుంటాయి. లింకు పనిచేయలేదని చెప్పడం ఇంకా ప్రమాదం, అదే లింకుతో ఆయన చేరి కూర్చున్నారు.

ఇక మీ హాట్‌స్పాట్ ఎందుకు కనిపించలేదో చెబుతాను, మెయిల్ కోసం కాదు, రెండో విడతకు పిలిస్తే మళ్లీ ఇలా కాకుండా. ఈ మధ్య వచ్చే చాలా ఫోన్లు హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఇవ్వగలవు, పాత లాప్‌టాప్‌లు కొన్ని 2.4 మాత్రమే పట్టుకోగలవు. అప్పుడు హాట్‌స్పాట్ వెలుగుతూనే ఉంటుంది, లాప్‌టాప్ జాబితాలో మాత్రం పేరు రాదు. పక్కనున్న మరొక ఫోన్‌కు కనిపించి మీ లాప్‌టాప్‌కు కనిపించకపోతే కారణం చాలావరకు ఇదే. ఫోన్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాండ్‌ను 2.4 GHz చేయండి, ఐఫోన్ అయితే Maximize Compatibility అనేదాన్ని ఆన్ చేయండి. ఇది ఇంటర్వ్యూకు ముందురోజు, ఇంట్లో వైఫై పెట్టెను చేతులారా ఆపి, చేసి చూడవలసిన పని. ఫైబర్ తీగకు కరెంటు అక్కర లేకపోయినా ఇంట్లోని ఆ పెట్టెకు కావాలి. దాని అడాప్టర్ మీద 12V అని ఉంటే రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ దొరుకుతుంది. అయితే మీ కేబుల్ ఆపరేటర్ దగ్గర కూడా కరెంటు పోతే అది ఉన్నా లాభం లేదు. అప్పుడు పెట్టె వెలుగుతూనే ఉన్నా LOS అనే దీపం ఎర్రగా కనిపిస్తుంది. అది కనిపించగానే పెట్టెను ఆపి వెలిగించడం మానేసి, ఫోన్ అందుకోండి.

హెచ్‌ఆర్ వారి నంబరును పేరుతో సేవ్ చేసి, ఎస్సెమ్మెస్‌ను ముందే రాసి డ్రాఫ్ట్‌లో ఉంచండి. "11 గంటల ఇంటర్వ్యూ అభ్యర్థిని. మా దగ్గర కరెంటు పోయింది. ఫోన్ ద్వారా 11:10లోపు చేరతాను, చేరలేకపోతే ఫోన్ చేస్తాను." వాట్సాప్ కంటే ఎస్సెమ్మెస్ ఎందుకంటే, మొబైల్ డేటా నీరసించిన చోట కూడా అది వెళుతుంది. 10:55కు కరెంటు పోతే 10:57కు ఇది వెళ్లాలి. ముందు కబురు, తరువాతే హాట్‌స్పాట్. 2018 తిత్లీ తుపానులాంటి రోజున టవర్ కూడా పడిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. అలాంటి వాతావరణం ముందే తెలుస్తుంది కనుక, ముందురోజే తేదీ మార్చమని అడగడం తప్పు కాదు.

మెయిల్ పంపిన తరువాత జవాబు రాకపోవడం మామూలే, "ఫరవాలేదు" అని జవాబు రాసే తీరిక చాలామందికి ఉండదు. మరుసటి రోజు మళ్లీ గుర్తు చేయకండి. ఫలితం ఎప్పుడు చెబుతామన్నారో ఆ తేదీ దాటి రెండు రోజులైనా కబురు లేకపోతే, ఏ తేదీ చెప్పకపోతే వారం తరువాత, హెచ్‌ఆర్ వారిని ఫలితం గురించి ఒక్క వాక్యంలో అడగండి. అందులో కరెంటు మాట గాని, క్షమాపణ మాట గాని ఉండకూడదు.